తేడాలు తీస్తూ పోతే డిగ్రీ దొరుకుతుంది: బత్తాయిల గుట్ట మీద ఒక పట్టిక పాఠం

మెహదీపట్నం రైతు బజార్ దగ్గర రోడ్డు వారగా ఒక బత్తాయిల బండి ఉంటుంది. ఆ బండాయన కాయల్ని కుప్పగా పోయడు. అడుగున చదరంగా పేర్చి, పైకి వెళ్లే కొద్దీ వరుసకు ఒక్కోటి తగ్గించి, కొసన ఒకే ఒక్క కాయ పెడతాడు. మొన్న మా అక్క కొడుకుతో అటు వెళ్తూ, "ఇందులో ఎన్ని కాయలుంటాయిరా?" అని అడిగాను. వాడు ఇంటర్ ఫస్టియర్. అడుగు వరుసలో ఆరు లెక్కపెట్టి, "ఆరారులు ముప్పై ఆరు, దాని మీద ఇరవై ఐదు, పదహారు, తొమ్మిది, నాలుగు, ఒకటి. తొంభై ఒకటి మామా" అన్నాడు.

"ఇరవై అంతస్తులుంటే?"

"దానికి ఫార్ములా ఉంది, గుర్తులేదు."

ఫార్ములా గుర్తు లేకపోతే పరవాలేదు. చిన్న గుట్టల లెక్కలు నాలుగైదు చేతిలో ఉంటే ఫార్ములాను మనమే రాబట్టొచ్చు. అంతకన్నా ముందు, అసలు అది ఎలాంటి ఫార్ములానో, అంటే అందులో n కు ఉన్న అతి పెద్ద ఘాతం ఎంతో తెలుసుకోవచ్చు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని బహుపది పరిమాణం అంటారు. క్లాసులో అందరూ డిగ్రీ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. దాన్ని కనిపెట్టే పద్ధతి పేరు పరిమిత భేదాలు. పేరు బరువుగా ఉంది గానీ పని మాత్రం తీసివేతే.

పట్టిక వేయడం

ముందు n విలువలు సమాన దూరంలో ఉండేలా రాసుకోవాలి. ఒక అంతస్తు గుట్ట, రెండంతస్తుల గుట్ట, మూడంతస్తులది, ఇలా ఎనిమిది దాకా. ఒక్కో గుట్టలో మొత్తం కాయలు దాని కింద రాయాలి. తర్వాత ప్రతి సంఖ్యలోంచి దాని ముందున్న సంఖ్యను తీసివేసి, ఆ రెండింటి మధ్యకు వచ్చేలా కింది వరుసలో రాయాలి. ఎప్పుడూ కుడివైపు దాంట్లోంచి ఎడమవైపు దాన్నే తీసివేయాలి. మైనస్ వస్తే మైనస్‌తోనే రాయాలి, గుర్తు వదిలేస్తే కింది వరుసలన్నీ పాడవుతాయి. వచ్చిన కొత్త వరుస మీద మళ్లీ ఇదే పని చేయాలి. ఒక వరుస అంతా ఒకే సంఖ్య అయ్యేదాకా ఇలా పోవాలి.

```
n    : 1   2   3   4   5   6   7   8
f(n) : 1   5   14  30  55  91  140 204
Δ    :   4   9   16  25  36  49  64
Δ²   :     5   7   9   11  13  15
Δ³   :       2   2   2   2   2
```

మొదటి తేడాల్లో వర్గాలు కనిపించడం వింతేమీ కాదు, కొత్తగా చేరిన అడుగు అంతస్తే ఆ తేడా. రెండో వరుసలో బేసి సంఖ్యలు వచ్చాయి. మూడో వరుసలో అన్నీ 2. మూడోసారి నిలకడకు వచ్చింది కాబట్టి డిగ్రీ 3.

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లు విలువల్ని A2 నుంచి కిందికి రాసుకుని, B3 గడిలో `=A3-A2` కొట్టి కిందికి లాగితే మొదటి తేడాలు వస్తాయి. అదే B3ని C4లో, D5లో కాపీ చేసి కిందికి లాగితే మిగతా వరుసలూ నిలువుగా వచ్చేస్తాయి. నేను మాత్రం మొదటిసారి చేతితోనే వేయమంటాను. తప్పు ఎక్కడ పుడుతుందో చేతికి తెలుస్తుంది.

తీసివేస్తే డిగ్రీ ఎందుకు తగ్గుతుంది

n³ తీసుకుందాం. దాని తర్వాతి విలువ (n+1)³. దీన్ని విస్తరిస్తే n³ + 3n² + 3n + 1. ఇందులోంచి n³ తీసేస్తే మిగిలేది 3n² + 3n + 1. ఘనం పోయింది, వర్గం మిగిలింది. వర్గానికి ముందు 3 వచ్చి కూర్చుంది. ఇంకోసారి తీసివేస్తే వర్గం పోయి 6n + 6 వస్తుంది. ఇంకోసారి చేస్తే 6 ఒక్కటే మిగులుతుంది. ఏ బహుపదికైనా ఇదే జరుగుతుంది: ఒక్కో తీసివేతకు ఒక్కో డిగ్రీ దిగుతుంది, దిగేటప్పుడు ఆ ఘాతం గుణకానికి వచ్చి చేరుతుంది. డిగ్రీ k అయితే k సార్లకు మిగిలేది ఒక స్థిరసంఖ్య. దాని విలువ మొదటి గుణకం ఇంటూ k!.

కాబట్టి ఆ చివరి వరుస డిగ్రీ ఒక్కటే కాదు, మొదటి గుణకాన్నీ చెబుతుంది. మనకు వచ్చింది 2. 3! అంటే 6. రెండుని ఆరుతో భాగిస్తే 1/3. అంటే గుట్ట ఫార్ములా n³/3తో మొదలవుతుంది.

ఇక్కడ చాలామంది ఒకటి మర్చిపోతారు. పైన n ఒక్కొక్కటిగా పెరిగింది. పట్టికలో n రెండేసి చొప్పున పెరిగితే, అంటే 2, 4, 6, 8, 10 అంతస్తుల లెక్కలే మన దగ్గరుంటే, విలువలు 5, 30, 91, 204, 385. వీటి మూడో తేడాలు 16, 16. డిగ్రీ మారలేదు, మూడే. కానీ 16ని 6తో భాగించి గుణకం 8/3 అనుకుంటే తప్పు. అడుగు దూరం 2 కాబట్టి 2³, అంటే 8తో కూడా భాగించాలి. అప్పుడు మళ్లీ 1/3 వస్తుంది. దూరం ఎంతైనా ఫరవాలేదు, సమానంగా ఉండాలి, అంతే. మధ్యలో ఒక్క n జారిపోయినా పద్ధతి పనిచేయదు. మొదటి పట్టికలో నాలుగో అంతస్తు వదిలేసి 1, 5, 14, 55, 91, 140 అని రాసి చూడండి. రెండో తేడాలు 5, 32, −5, 13 అని ఎగిరెగిరి పడతాయి.

ఫార్ములా రాయడం

పట్టికను ఒక అడుగు వెనక్కి, n = 0 దాకా పొడిగిస్తే పని సులువవుతుంది. సున్నా అంతస్తుల గుట్టలో కాయలు సున్నా. అప్పుడు ఎడమ అంచున పై నుంచి కిందికి వచ్చే సంఖ్యలు 0, 1, 3, 2. ఈ నాలుగు సంఖ్యల్లోనే ఫార్ములా అంతా ఉంది. న్యూటన్ పేరుతో పిలిచే సూత్రం ప్రకారం ఇలా రాయాలి:

```
f(n) = 0 + 1·n + 3·n(n-1)/2 + 2·n(n-1)(n-2)/6
     = n³/3 + n²/2 + n/6
     = n(n+1)(2n+1)/6
```

ఇరవై అంతస్తులకు మొదటి రూపంలోనే వేస్తే 20 + 3×190 + 2×1140, మొత్తం 2870. మావాడు నోటి లెక్కతో ఇది చేసి, "బండి విరుగుతుంది మామా" అన్నాడు.

ఈ చివరి రూపం మనకు కొత్త కాదు. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో దీన్నే చెప్పాడు: n, n+1, 2n+1 లబ్ధంలో ఆరో వంతు. దానికి ఆయన పెట్టిన పేరు వర్గచితిఘనం. చితి అంటే పేర్పు, పేర్చిన గుట్ట. మన బండాయన చేసే పనే.

ఎన్ని విలువలుంటే నమ్మొచ్చు

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అందుకే దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

రెండు విలువలుంటే మొదటి తేడా ఒకటే వస్తుంది. మూడు విలువలుంటే రెండో తేడా ఒకటే. ఒక్క సంఖ్య ఉన్న వరుస ఎప్పుడూ "అన్నీ సమానం"గానే ఉంటుంది, పోల్చడానికి పక్కన ఇంకోటి లేదు కాబట్టి. నాలుగు విలువలు ఏవి ఇచ్చినా, మీ బస్ పాస్ నంబర్‌లోని నాలుగు అంకెలైనా సరే, వాటి గుండా వెళ్లే డిగ్రీ 3 బహుపది, లేదా అంతకన్నా చిన్నది, ఒకటి తప్పకుండా ఉంటుంది. అందులో కనిపెట్టిందేమీ లేదు.

దీనికి పేరున్న ఉచ్చు ఒకటుంది. ఒక వృత్తం మీద కొన్ని చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా అన్నిటితో గీతలతో కలపండి. వృత్తం ఎన్ని ముక్కలైంది? ఒక చుక్కకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఇది మావాడికిస్తే ఒక్క క్షణం ఆగకుండా "తర్వాత 32" అన్నాడు. రీజనింగ్ పరీక్షల అలవాటు. తేడాల పట్టిక వేయించాను. ఐదు విలువలకు ఎడమ అంచున 1, 1, 1, 1, 1 వచ్చింది. నాలుగో తేడా 1. కానీ ఆ వరుసలో ఉన్నది ఆ ఒక్కటే. ఇది డిగ్రీ 4 బహుపది కావచ్చు, 2 ఘాతాల వరుస కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఈ ఐదు విలువలు దాన్ని తేల్చలేవు.

ఆరో చుక్క పెట్టి ముక్కల్ని ఓపిగ్గా లెక్కపెడితే 31. ఏడింటికి 57, ఎనిమిదింటికి 99.

```
n    : 1   2   3   4   5   6   7   8
f(n) : 1   2   4   8   16  31  57  99
Δ    :   1   2   4   8   15  26  42
Δ²   :     1   2   4   7   11  16
Δ³   :       1   2   3   4   5
Δ⁴   :         1   1   1   1
```

ఇప్పుడు నాలుగో వరుసలో నాలుగు ఒకట్లున్నాయి. డిగ్రీ 4 అనడానికి ఆధారం దొరికింది. అదే 1, 2, 4, 8, 16, 32, 64 అయి ఉంటే తేడాలు తీసిన కొద్దీ మళ్లీ అదే 1, 2, 4, 8 వరుస వచ్చేది, ఎన్నిసార్లు చేసినా నిలకడ దొరికేది కాదు. పై వరుసే కింద మళ్లీ కనిపిస్తుంటే అది బహుపది కాదు, ఘాత వరుస అని గుర్తు.

నేను పెట్టుకున్న లెక్క ఇది: డిగ్రీ k అని చెప్పాలంటే, ఆ నిలకడ వరుసలో కనీసం మూడు సంఖ్యలైనా ఉండాలి. అంటే k + 3 విలువలు కావాలి. ఘనానికి ఆరు, డిగ్రీ 4కి ఏడు. అప్పుడు కూడా అది ఆధారమే గానీ రుజువు కాదు. రుజువు కావాలంటే ఆ సంఖ్యలు ఎలా పుడుతున్నాయో చూడాలి. గుట్టకు అది సులువు: మొదటి తేడా n² అని పేర్చే పద్ధతిలోనే ఉంది, కాబట్టి మొత్తం డిగ్రీ 3 కాక తప్పదు.

వృత్తం బొమ్మ గీసేవాళ్లకు ఒక మాట. ఆరు చుక్కల్ని కంపాస్‌తో అందంగా సమాన దూరంలో పెట్టకండి. అప్పుడు మూడు గీతలు సరిగ్గా మధ్యలో ఒకేచోట కలిసి, అక్కడుండాల్సిన బుల్లి త్రిభుజం మాయమై 30 ముక్కలే వస్తాయి. చుక్కలు వంకరటింకరగా ఉంటేనే 31.

ఒక్క తప్పు పట్టికను ఎలా చెడగొడుతుంది

నిలకడ రాలేదంటే వెంటనే "ఇది బహుపది కాదు" అనేయకూడదు. ఒక్క సంఖ్య తప్పు రాసినా నిలకడ రాదు. అదృష్టం ఏమిటంటే, ఆ తప్పు తన వేలిముద్ర వదిలి పోతుంది.

గుట్ట లెక్కను కాపీ చేస్తూ 140ని 104 అని రాశారనుకుందాం. పది అంతస్తుల దాకా పట్టిక ఉంటే మూడో తేడాలు ఇలా వస్తాయి:

```
2   2   2   -34   110   -106   38
```

ఉండాల్సిన 2ను ఒక్కోదాంట్లోంచి తీసేస్తే −36, 108, −108, 36 మిగులుతాయి. అంటే −36ని 1, −3, 3, −1 తో గుణించినట్టు. ఇవి (a − b)³ విస్తరణలోని ద్విపద గుణకాలే. ఈ ఆకారం కనిపిస్తే తప్పు ఒక్క విలువలోనే ఉంది, ఆ విలువ 36 తక్కువగా ఉంది. పట్టికలో ఆ నాలుగు సంఖ్యల నడిమికి సరిగ్గా పైన ఉన్నదే దొంగ. 36 తొమ్మిది గుణిజం కావడం ఇంకో ఆచూకీ: పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. మా నాన్న కిరాణా కొట్టు ఖాతాలు చూసేటప్పుడు ఇదే చిట్కా వాడేవాడు.

ఇంకో రకం తప్పుంది, దాని ముద్ర వేరు. ఏడో అంతస్తులో 49 కాయలకు బదులు 48 కూడామనుకోండి. అప్పుడు ఆ ఒక్క మొత్తమే కాదు, ఆపైన వచ్చే మొత్తాలన్నీ ఒక్కోటి తగ్గుతాయి: 139, 203, 284, 384. మూడో తేడాలు 2, 2, 2, 1, 4, 1, 2. ఇక్కడ తప్పు ఆకారం −1, 2, −1. మూడు సంఖ్యలే కదిలాయి, ఆ తర్వాత నిలకడ మళ్లీ వచ్చేసింది. 1, 3, 3, 1 ఆకారమైతే ఒక విలువ తప్పు రాశాం, 1, 2, 1 అయితే కూడికలో ఒకచోట జారాం. మొదటిదాంట్లో ఒక్క విలువ దిద్దితే చాలు, రెండోదాంట్లో అక్కడినుంచి చివరిదాకా మళ్లీ కూడాలి.

రౌండ్ చేసిన సంఖ్యలు మోసం చేస్తాయి

కాయల్ని లెక్కపెడితే పూర్ణసంఖ్యలే వస్తాయి. కొలిచిన విలువలు, రౌండ్ చేసిన విలువలు అలా కాదు. ఒక్కో విలువలో అర యూనిట్ దాకా తప్పు ఉండొచ్చు, ఒక్కో తీసివేతకు ఆ తప్పు రెట్టింపయ్యే వీలుంది. మూడో తేడాకు వచ్చేసరికి నాలుగు యూనిట్ల దాకా ఊగొచ్చు. కాబట్టి అలాంటి పట్టికలో 5, 6, 5, 4 వచ్చినా నిలకడ కిందే లెక్క. దీనికి తిరగేసిన ప్రమాదమూ ఉంది: నిలకడ కానిది నిలకడలా కనిపించడం.

దానికి ఆర్యభటుడి జ్యా పట్టికే మంచి ఉదాహరణ. వ్యాసార్ధం 3438 తీసుకుని, లంబకోణాన్ని 24 భాగాలు చేసి, ఒక్కో భాగానికి సైన్ విలువ ఎంత పెరుగుతుందో ఆయన ఇచ్చాడు. ఆయన ఇచ్చినవి తేడాలే: 225, 224, 222, 219, 215, 210, 205, 199, 191 అలా చివరికి 7 దాకా. మొదటి ఆరింటిని తీసుకుని మళ్లీ తేడాలు తీస్తే −1, −2, −3, −4, −5. మళ్లీ తీస్తే −1, −1, −1, −1. సున్నాతో కలిపి ఏడు విలువలు, నిలకడ వరుసలో నాలుగు సంఖ్యలు. నేను పైన పెట్టుకున్న షరతు కూడా నెగ్గింది. సైన్ డిగ్రీ 3 బహుపది అని ఒప్పుకోవాల్సిందేనా?

ఆ నమ్మకంతో అలాగే −1 వేసుకుంటూ 24వ విలువ దాకా పోతే లంబకోణానికి 3100 వస్తుంది. రావాల్సింది 3438. నిజానికి పట్టికలో తర్వాతి మూడో తేడాలు 0, −1, −2 అని ఊగుతాయి. అసలు మూడో తేడా మొదట్లో −0.96 దగ్గర ఉండి, కోణం పెరిగే కొద్దీ మెల్లగా సున్నా వైపు పోతుంది. విలువల్ని పూర్ణసంఖ్యలకు రౌండ్ చేయడంతో ఆ మార్పు కొంతదూరం కనిపించలేదు. కాబట్టి రౌండ్ చేసిన పట్టికల్లో వరుస పొడవుతో పాటు, పట్టిక ఎంత మేర పరుచుకుందో కూడా చూడాలి. మొదట్లోని ఆరేడు విలువలే కాదు, అటు చివరి నుంచీ కొన్ని తీసుకుని అక్కడ కూడా అదే స్థిరసంఖ్య వస్తుందో లేదో పోల్చాలి. (ఆ 3100 వచ్చేటప్పుడు తీసివేసిన మొత్తం 2300. అది ఇరవై మూడు అంతస్తుల త్రిభుజాకారపు గుట్టలోని కాయల లెక్క. ఎటు తిరిగినా గుట్ట దగ్గరికే వస్తున్నాం.)

మళ్లీ బండి దగ్గరికి

వారం తర్వాత అదే బండి దగ్గర ఆగాం. ఈసారి మావాడు తన విద్య చూపించాలని, "అన్నా, ఇందులో తొంభై ఒక్క కాయలు, అవునా?" అని అడిగాడు.

బండాయన నవ్వాడు. "యాడివి సార్, లోపటంతా గడ్డే. సుట్టూరా పేర్చినం, అంతే."

ఇంటికి వచ్చే దారిలో బస్సులో పట్టిక మళ్లీ వేశాం. కొసన 1. దాని కింద రెండేసి కాయల చదరం, అంచు మీదే నాలుగూ. మూడో అంతస్తులో అంచు మీద 8, తర్వాత 12, 16, 20. మొత్తాలు 1, 5, 13, 25, 41, 61. మొదటి తేడాలు 4, 8, 12, 16, 20. రెండో తేడాలు 4, 4, 4, 4. డిగ్రీ 2.

"గడ్డి పెడితే డిగ్రీ ఒకటి తగ్గింది మామా" అన్నాడు వాడు, ఫార్ములా 2n² − 2n + 1 అని టికెట్ వెనక రాస్తూ. n దగ్గర సున్నా పెట్టి చూడమన్నాను. ఒకటి వచ్చింది. సున్నా అంతస్తుల గుట్టలో ఒక కాయ ఎక్కడిదని కాసేపు తల పట్టుకున్నాడు. కొసన ఉన్న ఒక్క కాయకు "అంచు" లెక్క వర్తించదు, 4, 8, 12 అనే వరుస రెండో అంతస్తు నుంచే మొదలవుతుంది. అందుకే ఈ పట్టికను వెనక్కి సున్నా దాకా పొడిగించకూడదు. n = 1 నుంచే మొదలుపెట్టి, ఎడమ అంచున 1, 4, 4 తీసుకుని, సూత్రంలో n ఉన్నచోటల్లా n − 1 రాయాలి. అది వాడు దిగాల్సిన స్టాపు వచ్చేలోపే చేసేశాడు.